తొట్టిలో పడుకున్న పసివాడు

పిల్లలకు క్రిస్మస్ కథ నిమిషంలో చెప్పాలంటే నేను తొట్టి దగ్గరే ఎక్కువసేపు ఉంటాను. లూకా సువార్త 2వ అధ్యాయంలో దాని మాట మూడుసార్లు వస్తుంది: 7, 12, 16 వచనాల్లో. తొట్టి అనగానే పిల్లలు ఉయ్యాల అనుకుంటారు. అందుకే ముందే చెప్పేయాలి, ఇది పశువులు మేత తినే తొట్టి అని.

కథ ఇలా మొదలుపెట్టండి. రోమా చక్రవర్తి ఔగుస్తు జనాభా లెక్క రాయించమన్నాడు. ఎవరి ఊరికి వాళ్లు వెళ్లాలి. యోసేపుది దావీదు రాజు వంశం కాబట్టి నజరేతు నుంచి దావీదు ఊరైన బేత్లెహేముకు బయల్దేరాడు. వంద కిలోమీటర్లు దాటిన దారి. గర్భవతి అయిన మరియ కూడా వెంట వెళ్లింది. అక్కడ ఉండగానే నెలలు నిండాయి. సత్రంలో చోటు లేదు. బిడ్డను కని, పొత్తిగుడ్డల్లో చుట్టి, తొట్టిలో పడుకోబెట్టింది.

ఇక్కడ ఆగి మెల్లగా ఓ లాలి పాడండి. రెండు లైన్లు చాలు, పాట మొత్తం పాడితే పిల్లలు కథ మర్చిపోతారు.

జో జో బాలయేసు, గడ్డే మెత్తన
జో జో బాలయేసు, అమ్మే చెంతన

ఆ రాత్రే పొలంలో గొర్రెల కాపరులు మంద కాస్తున్నారు. దూత కనబడితే హడలిపోయారు. భయపడకండి, దావీదు ఊళ్లో మీకు రక్షకుడు పుట్టాడని చెప్పి దూత ఓ గుర్తు కూడా ఇచ్చాడు. పొత్తిగుడ్డల మాటా చెప్పాడు గానీ, పసిపిల్లలందరినీ అలాగే చుట్టేవారు. తొట్టిలో పడుకున్న బిడ్డ అన్నదే అసలు గుర్తు. ఊళ్లో అలాంటి బిడ్డ ఇంకెవరుంటారు? పైగా తొట్టి కాపరులకు రోజూ చూసే వస్తువు. రాజభవనానికి వెళ్లమంటే గుమ్మం దగ్గరే ఆగిపోయేవారేమో. "గొర్రెలు తినేదాంట్లోనా?" అని పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి, కథ అందినట్టే.

దూతల స్తుతి దగ్గర అందరూ గొంతెత్తాలి: "సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ!" కాపరులు తొట్టి దగ్గరికి చేరగానే మళ్లీ గుసగుసగా లాలి.

వీడియో తీస్తుంటే, కానుకలు తెచ్చిన జ్ఞానుల్ని కాపరుల పక్కన నిలబెట్టకండి. మత్తయి ప్రకారం వాళ్లు వచ్చింది ఇంటికి. కానుకలు మూడే గానీ వాళ్లు ముగ్గురని ఆయన ఎక్కడా రాయలేదు. మరియ ఎక్కిన గాడిద సంగతి కూడా ఈ సువార్తల క్రిస్మస్ కథలో లేదు, కానీ పిల్లలు బొమ్మ వేసేస్తే ఉండనివ్వండి.

పోస్టుకు క్యాప్షన్లు కావాలంటే ఇవి తీసుకోండి:

సత్రంలో చోటు లేదు, తొట్టిలో ఉంది.

బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. ఆ ఊళ్లో బిడ్డను పెట్టింది మేత తొట్టిలో.

కబురు ముందు అందింది రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకే.

ష్... బాలయేసు నిద్రపోతున్నాడు. హ్యాపీ క్రిస్మస్, మెల్లగా!