గీత పెట్టిన చోట ఏముందో

పడుకుందామనే అనుకున్నాను. ఆడపడుచు ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ ఆ ఒక్క మాట లోపల నలుగుతూనే ఉంది. "నలభై రెండా వదినా? పాసు ముప్ఫై ఐదే కదా, దిగులు పడబాకండి." ఓదార్చాలనే అన్నది, నాకు తెలుసు. కానీ మా అమ్మాయి అమ్ములు నలభై రెండు మార్కుల పిల్ల కాదు. అసలా అంకె ఆ ఇంటిదాకా ఎట్లా పోయిందో కూడా తెలుసు. సాయంత్రం అమ్ములు కాలేజీ పోర్టల్ తెరిచి చూపిస్తే ఈయన పేజీ చివర ఉన్న మొత్తం ఒక్కటీ చూసి, అలిపిరి దాకా నడిచి వస్తానని బయల్దేరి, దారిలోనే వాళ్ళ చెల్లెలికి చేరవేశారు.

ఆయన చూసిన పేజీలో పైన ఏముందో ఎవరూ చదవలేదు. ఆ సబ్జెక్టుకు అసైన్‌మెంట్లకు 20, క్విజ్‌లకు 10, మిడ్‌కు 25, ప్రాజెక్టుకు 15, ఫైనల్‌కు 30. మొత్తం వంద. ఇప్పటికి మార్కులు వేసింది మొదటి మూడింటికే. అసైన్‌మెంట్లలో 92 శాతం, క్విజ్‌లలో 80, మిడ్‌లో 64. ప్రాజెక్టు ఇచ్చేసింది, ఇంకా దిద్దలేదు. ఫైనల్ పరీక్షకు ఇంకా టైముంది. ఆ రెంటి పక్కనా చిన్న అడ్డగీత.

గ్యాస్ బిల్లు వెనక వేసి చూశాను. ఇరవైలో 92 శాతమంటే 18.4. పదిలో 80 శాతం 8. పాతికలో 64 శాతం 16. కలిపితే 42.4. లెక్క తప్పేమీ లేదు, కానీ దాన్ని వందకు చూస్తున్నారు. ఇప్పటిదాకా దిద్దింది వందకు కాదు, 20, 10, 25 కలిపి 55కే. 42.4ను 55తో భాగిస్తే 77 శాతం. ఇప్పుడు పిల్ల ఎట్లా చదువుతోంది అని అడిగితే చెప్పాల్సిన అంకె అది. ఇంకా జరగని పరీక్షకు సున్నా వేసి, ఆ సున్నాను కలిపి చెప్పడం ఏం న్యాయం?

ఇది మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న కోపమే. చిత్తూరులో తొమ్మిదో తరగతి క్వార్టర్లీ అప్పుడు నాకు ఆటలమ్మ పోసింది. ఐదు పరీక్షలు రాసినాక ఒళ్ళంతా పొక్కులు. సైన్సు రాయలేదు. వేపాకు మీద పడుకుని ఉంటే బయట మా నాయన బడి నుంచి వచ్చిన అయ్యవారితో మాట్లాడుతున్న గొంతు వినపడేది. తరవాత వచ్చిన ప్రోగ్రెస్ కార్డులో సైన్సు దగ్గర ఎర్రసిరాతో ఆబ్సెంట్ అని, కింద 600కు 388 అని ఉంది. ర్యాంకు ఎక్కడికో పోయింది. నేను ఏడుస్తా ఉంటే నాయన ఏమీ అనలేదు. బెల్లం మండీలో లెక్కలు రాసే మనిషి, చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉండేది. అది తీసి కార్డు అంచున 388, కింద గీత, 500 అని రాసి, పక్కన 77.6 వేసి, ఆ తరవాత సంతకం చేసినాడు. "రాసిన కాడికి నీ చదువు ఇదిమ్మా" అన్నాడు. కార్డు మీద రాతలేమిటని అయ్యవారు అడిగితే, "మీ లెక్కను నేను కొట్టెయ్యలేదు సార్, పక్కన నా లెక్క వేసుకున్నా" అన్నాడంట. ఆ కార్డు ఇప్పటికీ మా అమ్మ దగ్గరుంది.

అదే కథ అమ్ములుకు చెప్పి "55తో భాగించు" అన్నాను. ఇక్కడిదాకా నా మాట మీద నాకు అనుమానం లేదు.

అప్పుడు అమ్ములు అసైన్‌మెంట్ల వరస తెరిచింది. ఐదు ఉన్నాయి. నాలుగింటికి మార్కులు, ఐదోదాని దగ్గర కూడా అడ్డగీతే. "ఇది కూడా దిద్దలేదా?" అన్నాను. కాసేపు పలకలేదు. "అది నేను ఇయ్యలేదు మా. మిడ్ వారంలో పడింది."

అంటే ఆ పేజీలో ఒకటే గీత మూడు రకాల వాటికి పెట్టారు. ఇచ్చినా దిద్దనిది ఒకటి, అసలు జరగనిది ఒకటి, గడువు దాటిపోయినా ఇవ్వనిది ఒకటి. మొదటి రెంటినీ పక్కన పెట్టి భాగించడం సబబే. మూడోదాన్ని పక్కన పెడితే మనల్ని మనం మోసం చేసుకోవడమే, ఎందుకంటే టీచరు ఏదో ఒక రోజు అక్కడ సున్నా వేస్తారు. మండీలో మా నాయన రావలసిన బాకీని, మునిగిపోయిన బాకీని ఒకే పద్దులో రాసేవాడు కాదు.

మరి నాయన 500తో భాగించింది? ఇన్నేళ్ళూ ఆయనదే న్యాయం, అయ్యవారిది అన్యాయం అని చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆ సైన్సు పరీక్ష అయిపోయింది, ఇక రాదు. మొత్తానికి 388 నిజమే. ఆయన వేసిన 77.6 వేరే ప్రశ్నకు జవాబు. అందుకే కొట్టెయ్యకుండా పక్కన వేసినాడు. ఆ పక్కన అన్న మాట ఇన్నేళ్ళు నేను సరిగ్గా వినలేదు.

ఐదోదానికి సున్నా వేసి మళ్ళీ చేశాం. అసైన్‌మెంట్లు 92 నుంచి 73.6 శాతానికి దిగాయి, ఇరవైలో 14.72. మొత్తం 38.72. దాన్ని 55తో భాగిస్తే 70 చిల్లర. ఒక్క గీతతో ఏడు శాతం పోయింది. పోర్టల్ మాత్రం అసైన్‌మెంట్ల వర్గంలో ఖాళీని వదిలేసి 92 చూపిస్తోంది, చివరి మొత్తంలో మాత్రం ప్రాజెక్టు, ఫైనల్ దగ్గరి ఖాళీలను సున్నాగా లెక్కేస్తోంది. Moodle లాంటి పోర్టల్‌లలో ఖాళీలను లెక్కలోంచి వదిలెయ్యమనే Exclude empty grades సెట్టింగు ఒక్కో వర్గానికీ విడిగా ఉంటుంది, ఒకచోట పెట్టి ఇంకోచోట పెట్టకపోతే ఇట్లాగే రెండు రకాలుగా వస్తుంది. కనిపెట్టడం కష్టమేమీ కాదు. చివరి మొత్తాన్ని చేత్తో ఒకసారి వేసుకుని, వందతో భాగించారా, దిద్దినంతవరకేనా అని చూస్తే చాలు. వర్గాల్లోని ప్రతి గీతనూ మాత్రం పిల్లనే అడగాలి.

ఇంతకీ 42.4 మీద నా కోపం కూడా కాస్త దిగింది. ఐదోదానికి సున్నా పడితే అది 38.72 అవుతుంది, సరే. మిగతా 45లో ఏమీ రాకపోయినా అంత చేతిలో ఉన్నట్టు. అన్నీ వస్తే 83.72. అమ్ములు చివరికి ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. 70 అనేది కూడా జోస్యం కాదు. మిడ్‌లో 64 తెచ్చుకున్న పిల్ల ఫైనల్లో ఎంత తెస్తుందో అసైన్‌మెంట్ల మార్కులు చెప్పవు.

75 వస్తే A గ్రేడు అట. ఐదోది ఇవ్వకపోతే మిగిలిన 45లో 36.28 రావాలి, అంటే 80.6 శాతం. ఆలస్యంగా ఇచ్చినా తీసుకుంటారేమో రేపు సార్‌ని అడగమన్నాను. అందులో సగం మార్కులే వేసినా కావలసింది 76 శాతానికి దిగుతుంది. నాలుగు శాతం పైగా తేడా, ఒక్క రాత్రి కూర్చుంటే అయ్యే పనికి. కూర్చుంది.

ఈయన నడిచి వచ్చి, "మరి చెల్లెలికి ఏం చెప్పమంటావు, డెబ్బయ్యా, నలభై రెండా?" అంటారు. ప్రాజెక్టుకు మార్కులు వేసేదాకా ఏమీ చెప్పొద్దన్నాను.