"గుడి వాసన" అన్నందుకు ఇరవై మంది నవ్వారు

రెండు రోజుల వాసనల క్లాసులో సార్ సెంటు చుక్క వేసిన తెల్ల కాగితపు పుల్ల ఒకటి నా ముక్కు దగ్గర పెట్టి, "చెప్పమ్మా, ఇందులో ఏముంది?" అన్నారు. నేను గట్టిగా పీల్చి, చాలా ధైర్యంగా, "గుడి వాసన సార్" అన్నాను.

హాల్లో ఇరవై మంది నవ్వారు. సార్ నవ్వలేదు, అదే ఇంకా బాధ. "గుడి అనేది చోటమ్మా. నేను వాసన పేరు అడిగాను" అని పుల్ల నా పక్కనున్న కుర్రాడికిచ్చారు. ఆ అబ్బాయి ఒక్కసారి మూతి దగ్గర ఆడించి "అంబర్ సార్, రెజినస్, వార్మ్ స్పైస్" అన్నాడు. "వెరీ గుడ్." తర్వాత టీ బ్రేక్‌లో ఆ అబ్బాయినే అడిగాను, రెజినస్ అంటే ఏంది నాయినా అని. "ఏమో ఆంటీ, చార్టులో ఉంది చదివేశా" అన్నాడు. ఇంతకన్నా నిజం ఆ రెండు రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

తిరుపతిలో ఇంట్లోనే సబ్బులు చేసి అమ్ముతాను, మూడేళ్లయింది. నూనెలు కలపడం, కాస్టిక్ లెక్క, అచ్చులు, ప్యాకింగ్, ఏదీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఫోన్‌లో ఎవరైనా "అక్కా, ఇది వాసన ఎలా ఉంటుంది?" అని అడిగితే మాత్రం "చాలా బాగుంటుందమ్మా" తప్ప నోట్లోంచి ఇంకో ముక్క వచ్చేది కాదు. అందుకే మూడున్నర వేలు కట్టి ఆ రెండు రోజుల క్లాసుకు పోయాను. చేతిలో పెట్టిన వాసనల చక్రం చార్టు కూడా బ్లాక్ అండ్ వైట్ జిరాక్సే. రంగుల మీద నడిచే చక్రానికి నలుపు తెలుపు జిరాక్స్ ఇచ్చేవాళ్లకు ఫీజు కట్టేముందు మీరైనా ఆలోచించండి.

ఆ చక్రం గురించి చెప్తాను, ఎందుకంటే తప్పు దానిది కాదు. మైకేల్ ఎడ్వర్డ్స్ అనే ఆయన తయారుచేశాడు. వాసనలు నాలుగు కుటుంబాలు: పూలవి, వెచ్చగా తీపిగా ఉండే అంబర్, కర్రవి, తాజావి. వాటిలో మళ్లీ పద్నాలుగు చిన్న ముక్కలు. గుండ్రంగా ఎందుకు వేశాడంటే, పక్కపక్క ముక్కలు చుట్టాలు. పూల నుంచి అంబర్‌కు, అంబర్ నుంచి కర్రకు మెల్లగా జారతాయి. కాబట్టి ఒక వాసన ఏ ముక్కో తేలకపోతే దాని రెండు పక్కలా వెతకాలి, ఎదురుగా ఉన్న ముక్కలో కాదు. మాకిచ్చిన జిరాక్స్‌లో అంబర్ చోట "ఓరియంటల్" అని ఉంది. ఆ పేరు 2021లోనే మార్చేశారట.

చిక్కంతా చుట్టూ ఉదాహరణలుగా వేసిన పేర్లతో వచ్చింది. ఓక్‌మాస్, బెర్గమాట్, లిలీ ఆఫ్ ది వ్యాలీ. వీటిలో ఒక్కటి కూడా నా ముక్కు జన్మలో ఎరగదు. ఎరగని వస్తువు పేరుతో ఎరగని వాసనను ఎలా గుర్తుపట్టాలి? ఆ కుర్రాడిలా చదివేయడమే గతి.

రాత్రి ఇంటికొచ్చి ఏడుపు మొహంతో అన్నం కలుపుతుంటే అత్తమ్మ ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె వాసనలకు పేర్లు లేకపోవడమేంది అని ఆశ్చర్యపోయింది. నిజమే కదా! గుడ్డు గిన్నె సరిగ్గా తోమకపోతే నీచు వాసన. బియ్యం నిలవుంటే ముక్కిన వాసన. పిండి సరిగ్గా వేగకపోతే పచ్చి వాసన, ఎక్కువ వేగితే మాడు వాసన. మిరపకాయలు వేయిస్తే ఘాటు, నెయ్యి కాగితే కమ్మదనం. వీటిలో నీచు అనేది చేపది మాత్రమే కాదు, గుడ్డుది మాత్రమే కాదు, ఆ జాతి వాసన మొత్తానికి పేరు. మా అత్తమ్మ వంటింటి గడపలో నిలబడి, మూత తీయకుండానే, పప్పు ఏ దశలో ఉందో చెప్తుంది. ఆమెను ఆ హాల్లో కూర్చోబెట్టి ఉంటే ఎవరు నవ్వేవాళ్లో చూద్దును. కాకపోతే మన మాటల్లో సగం, వంట చెడిందని చెప్పడానికి పుట్టినవి. సబ్బు మీద "ముక్కిన వాసన లేదు" అని రాసుకోలేం.

దారి ఇంకో చక్రంలో దొరికింది. 1984లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో ఆన్ నోబుల్ అనే ప్రొఫెసర్ వైన్ వాసనలకు ఒక చక్రం చేసింది. ఆమె మాటల దగ్గర ఆగలేదు. ప్రతి మాటకూ కొట్లో దొరికే వస్తువు చూపించింది. క్యాప్సికం వాసన అని రాసి ఉంటే, చిన్న క్యాప్సికం ముక్క మామూలు వైన్‌లో నానబెట్టి, ఇదిగో ఇది అని వాసన చూపించాలి. అంటే మాట తర్వాత, సీసా ముందు.

నాకు సీసాలకు కొదవ లేదు. మందుల షాపులో దొరికే చిన్న గాజు సీసాలు పన్నెండు తెచ్చి, లోపల ఏముందో కనపడకుండా కాగితం చుట్టి, అడుగున మాత్రం నంబరు వేశాను. నారింజ తొక్క, నిమ్మ తొక్క, మరువం, తులసి, మల్లెలు, సంపెంగ, లవంగం, దాల్చినచెక్క, వట్టివేరు, చందనం పొడి, సాంబ్రాణి, పచ్చకర్పూరం. తొక్కలు, పూలు రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే మీరు నేర్చుకునేది కుళ్లు వాసన. మొదటి రాత్రి మా ఆయన ఒక్కొక్కటీ అందిస్తే కళ్లు మూసుకుని పన్నెండింటిలో అయిదు చెప్పాను. రోజూ వాడే దాల్చినచెక్కను లవంగం అన్నాను. కళ్లు చూస్తుంటే ముక్కు తెలివైనదనిపిస్తుంది, అంతే.

జతలుగా చూడటం మొదలుపెట్టాక గాడిన పడింది. ఒక్కటే వాసన చూస్తే "బాగుంది" దాటి ఏమీ రాదు. నారింజ, నిమ్మ పక్కపక్కన పెడితే నారింజలో తీపి, నిమ్మలో పదును వాటంతట అవే మాటలవుతాయి. ఒక్కసారి గట్టిగా లాగకుండా, కుక్కపిల్లలా చిన్నచిన్నగా రెండు మూడు సార్లు పీల్చాలి. ఒక పూటకు ఆరు సీసాలు చాలు, ఆ తర్వాత ముక్కు మొద్దుబారుతుంది. క్లాసులో కాఫీ గింజలు వాసన చూడమన్నారు. గింజలు ఏమీ చేయవు, మామూలు గాలి చాలు. మోచేతి మడతలో మన ఒంటి వాసనే ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

ఇందులో ఒక సిగ్గుమాలిన పని కూడా చేశాను. చందనం అంటే మా శేషాచలం ఎర్రచందనమే అనుకుని, ఇంట్లో ఉన్న ఎర్రచందనం బొమ్మ గీకి సీసాలో వేశాను. వారం రోజులు వాసన రాక, ముక్కు పాడైందనుకున్నాను. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ సువాసనే లేదు. దాని విలువంతా రంగులో, చేవలో ఉంది. సువాసన శ్రీగంధానిది, అది వేరే చెట్టు. ఈ కొండల కిందే పుట్టి పెరిగి ఈ మాట నలభై ఏళ్లకు తెలిసింది.

ఇప్పుడు ఆ పుల్ల సంగతి. అవమానంతో దాన్ని జిప్ కవర్లో వేసుకుని తెచ్చాను. వెనకాల సార్ రాసిన నంబరు బట్టి, ఆ సెంటు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని చిన్న సీసా కొన్నాను. నెల తర్వాత ఒక సాయంత్రం కొత్త పుల్ల మీద ఒక చుక్క వేసి, గడియారం పెట్టుకుని కూర్చున్నాను.

వేసిన వెంటనే ముందు అడగాల్సింది పేరు కాదు, కుటుంబం. పూలా? కాదు. తాజాదా? అవును, పైపైన ఏదో చురుక్కుమంటోంది, తీపిగా కూడా ఉంది. నారింజ సీసాతో పోల్చాను. అదే. పావుగంటకు అది ఎగిరిపోయింది, తొక్కల నూనెలు అంతసేపే నిలుస్తాయి. దాని కింద నుంచి పళ్ల డాక్టర్ గది వాసన వచ్చింది. నవ్వకండి, అది లవంగమే. పంటి సిమెంటులో కలిపే యూజినాల్ లవంగ నూనెలో ముఖ్యమైన భాగం. చక్రంలో ఇది అంబర్ వైపు నడుస్తున్నట్టు.

గంట తర్వాత అసలు చిక్కు వచ్చింది. వాసన సాంబ్రాణిలా ఉంది, కానీ నా సాంబ్రాణి సీసాతో కలవలేదు. నా సీసాలోది తీపిగా, వెనిలా ఐస్‌క్రీమ్‌లా ఉంది. పుల్ల మీదది పొడిగా, నిమ్మ కలిపిన మిరియంలా, కర్రలా ఉంది. రెండు రోజులు దీనితోనే కొట్టుకున్నాను. చివరకు తేలిందేమంటే, మన అంగళ్లలో సాంబ్రాణి గడ్డ అని ఇచ్చేది ఎక్కువగా బెంజోయిన్, స్టైరాక్స్ చెట్టు బంక. పుల్ల మీద ముందుకొచ్చింది ఫ్రాంకిన్సెన్స్, బాస్వెల్లియా చెట్టు బంక. రెండూ ధూపాలే, రెండూ బంకలే, వాసన మాత్రం అక్కాచెల్లెళ్లది కూడా కాదు. రెజినస్ అంటే ఇదే, చెట్టు బంక వాసన. మరుసటి రోజు పొద్దున పుల్ల చూస్తే పొడిదనం పోయి, అడుగున తీపి బెంజోయిన్ మిగిలింది. నా సీసాతో అచ్చంగా కలిసింది.

మరి నేను గుడి అని ఎందుకన్నాను? లవంగం, బంకలు అన్నీ గుడిలో ఉండేవే. లేనిది పొగ ఒక్కటే. కాగితం మీద కాల్చని బంక పెట్టారు, నేనేమో జీవితంలో కాల్చిన సాంబ్రాణిని మాత్రమే ఎరుగుదును. నాకు తెలిసిన వస్తువే తెలియని అవతారంలో వచ్చింది. చక్రంలో చూస్తే ఇది సాఫ్ట్ అంబర్, ధూపాల వాసనలు కూర్చునే ముక్క అదే. గుడి వాసన తప్పు జవాబు కాదు సార్, విడదీయని జవాబు. విడదీయడం నేర్పినందుకే కదా ఫీజు తీసుకున్నది.

ఇప్పుడు ఆ రకం సబ్బు కింద ఇలా రాస్తున్నాను: "ముందు లవంగం ఘాటు, తర్వాత పొడి ధూపం, ఆరాక ఒంటి మీద సన్నటి తీపి." నారింజ రాయలేదు. సబ్బు ఆరే నాలుగు వారాల్లో దాని వాసన చాలావరకు పోతుంది, రాస్తే అబద్ధమవుతుంది.

ఒక సీసా దగ్గర మాత్రం ఓడిపోయాను. వైట్ మస్క్ అనే సెంటు తెప్పించాను. మూత తీస్తే నీళ్ల వాసన కూడా లేదు. ఖాళీ సరుకు పంపారని పంపినాయనతో ఫోన్‌లో పెద్ద గొడవ పెట్టుకున్నాను. మా ఆయన పక్కనుంచి సీసా లాక్కుని, "ఇల్లంతా కొడుతుంటే ఖాళీ అంటావేం?" అన్నాడు. కొందరి ముక్కులకు కొన్ని మస్క్‌లు అసలు అందవట. ఫోన్‌లో ఆయనకు సారీ చెప్పాను. అది కలిపిన సబ్బులన్నీ మా ఆయనతోనే వాసన చూపించి, ఆయన చెప్పిందే రాస్తున్నాను. మొన్నటిదానికి చాలాసేపు ఆలోచించి, "ఉతికి, మేడ మీద ఎండలో ఆరేసిన చొక్కా" అన్నాడు.