లీవ్ రిజెక్ట్ అయ్యాక మా సార్ రోస్టర్ షీట్ చూపించారు, అక్కడ అర్థమైంది (నా అనుభవం)

నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో చేస్తున్నా, ఉండేది గాజువాక. ఇప్పుడు ఏడాదిగా మా సెక్షన్ రోస్టర్ నేనే వేస్తున్నా కాబట్టి లీవ్ రిక్వెస్టులన్నీ ముందు నా దగ్గరికే వస్తాయి. కానీ ఇది చెప్పాలంటే 2024 ఫిబ్రవరిలో మా తమ్ముడి పెళ్ళి దగ్గర్నుంచి మొదలెట్టాలి.

ఫిబ్రవరి 21 బుధవారం రాత్రి ముహూర్తం, టెక్కలిలో. మాది నరసన్నపేట. ఇంటికి ఒక్కదాన్నే ఆడపిల్లని, ఆడపడుచు లేకుండా పెళ్ళికొడుకుని చెయ్యడం ఏంటి అని అమ్మ జనవరి నుంచే ఫోన్లు. నేను జనవరి 27 శనివారం రాత్రి పది దాటాక సార్‌కి వాట్సాప్ పెట్టా, "సార్, ఇంట్లో ఫంక్షన్ ఉంది, 17 నుంచి 26 దాకా లీవ్ కావాలి, దయచేసి ఎలాగైనా ఇవ్వండి సార్" అని. నీలం టిక్కులు పడ్డాయి, రిప్లై లేదు. నేను అది ఓకే అనుకున్నా, అదే నా మొదటి తప్పు. 31న పోర్టల్‌లో కూడా ఎంటర్ చేశా, కారణం దగ్గర "పర్సనల్" అని ఒక్క ముక్క. ఫిబ్రవరి 2న రిజెక్ట్, పక్కన "కుదరదు" అని మాత్రమే.

చాలా ఏడుపొచ్చింది నిజంగా. రెండు సంవత్సరాల్లో వరుసగా మూడు రోజులకి మించి లీవ్ అడిగిందే లేదు, ఈఎల్, అంటే ఎర్న్డ్ లీవ్, పదకొండు రోజులు ఉన్నాయి బ్యాలెన్స్, సొంత తమ్ముడి పెళ్ళికి కూడా ఇవ్వరా అని. షిఫ్ట్ అయ్యాక నేరుగా సార్ క్యాబిన్‌కి వెళ్ళా. ఆయన తిట్టలేదు, "పెళ్ళా? పెళ్ళని ఎక్కడ రాశావమ్మా? ఫంక్షన్ అన్నావు, నేను గృహప్రవేశమో పుట్టినరోజో అనుకున్నా" అన్నారు. తర్వాత కుర్చీ పక్కకి జరిపి స్క్రీన్ నా వైపు తిప్పారు. ఆ షీట్ నేను రోజూ నోటీస్ బోర్డు మీద చూసేదే, కానీ నా పేరున్న అడ్డవరస మాత్రమే చూసేదాన్ని, నిలువుగా ఎప్పుడూ చూడలేదు.

నిలువుగా చూస్తే లెక్క ఇలా ఉంది. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ల మీద మేము ఏడుగురం. ఎ, బి, సి మూడు షిఫ్టులు, షిఫ్టుకి ఇద్దరు ఉండాలి, అంటే రోజుకి ఆరు సీట్లు, వారానికి 42. ఏడుగురు తలా ఆరు రోజులు చేస్తే సరిగ్గా 42. ఒక్కటి కూడా మిగలదు! ఎవరు ఒక్కరోజు లేకపోయినా ఆ సీటు ఖాళీనే, ఎవరో ఒకరిని పట్టుకొచ్చి కూర్చోబెట్టాలి. పైగా 21 నుంచి 24 మేడారం జాతర, మా సెక్షన్‌లో వరంగల్ అబ్బాయి ఆ నాలుగు రోజులూ డిసెంబర్‌లోనే లీవ్ పెట్టేశాడు, అప్రూవ్ కూడా అయిపోయింది. అతని కోసం సార్ అప్పటికే సి షిఫ్ట్‌లో ఒక్కరినే పెట్టి సర్దేశారు. అంటే ఉన్న ఒక్క వెసులుబాటూ అయిపోయింది, ఇప్పుడు నేనొచ్చి పది రోజులు, ఆదివారాలు తీసేస్తే ఎనిమిది డ్యూటీలు అడుగుతున్నా.

ఇంకోటి, అది నాకు అసలు గుర్తే లేదు. 20న ఒక బ్యాచ్‌కి ఆరు నెలల స్టెబిలిటీ శాంపిల్ తియ్యాలి. తెలియనివాళ్ళకి చెప్తున్నా, మందు ఎన్నాళ్ళు నిలవుంటుందో చూడ్డానికి ఛాంబర్‌లో పెట్టి మొదటి ఏడాది 3, 6, 9, 12 నెలలకి తీసి టెస్ట్ చేస్తారు. తీసిన శాంపిల్‌ని ఇన్ని రోజుల్లోపు టెస్ట్ చెయ్యాలని మా ఎస్‌ఓపీలో, అంటే పని ఎలా చెయ్యాలో రాసిన పత్రంలో, గడువు ఉంటుంది, దాటితే ఎందుకు తప్పిందో డీవియేషన్ రాయాలి. ఆ టెస్ట్ నా పేరు మీద ఉంది, ఆ మెథడ్‌కి క్వాలిఫై అయినవాళ్ళు నేను కాక ఒక్క సీనియర్ అక్క మాత్రమే. ఎవరు పడితే వాళ్ళు చెయ్యడానికి లేదు.

సార్ ఒక మాటన్నారు, "నువ్వు నన్ను లీవ్ అడగలేదు, ఎనిమిది ఖాళీలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టావు. ఎవరికి ఫోన్ చెయ్యాలో నాకు తెలీదు, ఏ రోజు తగ్గిస్తే నీకు పర్లేదో తెలీదు, అందుకే మొత్తం కొట్టేశా." కోపంగా అనలేదు. రేపటి లోపు మళ్ళీ పెట్టు అన్నారు, ఎందుకంటే ప్లాన్ చేసిన లీవ్‌కి 15 రోజుల ముందు అప్లికేషన్ ఇవ్వాలి. ఇది మా కంపెనీ పెట్టుకున్న రూలే అనుకునేదాన్ని, కానీ అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 79లోనే ఉండేది.

ఆ సాయంత్రం ముందు అమ్మకి ఫోన్ చేసి నిజంగా నేను ఉండి తీరాల్సిన రోజులు ఏవో అడిగా. 20 పెళ్ళికొడుకుని చెయ్యడం, 21 పెళ్ళి, 22 మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. మిగతావి సాయం కోసం, రెస్ట్ కోసం. 17, 26 నేనే కొట్టేశా. తర్వాత మా ల్యాబ్‌లోనే జనరల్ షిఫ్ట్‌లో డాక్యుమెంటేషన్ చూసే ఒక కుర్రాడితో మాట్లాడా, అతనికి హెచ్‌పీఎల్‌సీ ట్రైనింగ్ ఉంది. 19 నుంచి 23 దాకా నా బి షిఫ్ట్ సీట్లో కూర్చుంటా, కానీ 24 మా ఊళ్ళో పని ఉంది కుదరదు అక్కా అన్నాడు. ఆ వారం అతని దగ్గర ఆగిపోయే లాగ్‌బుక్ రివ్యూలు నేను తిరిగొచ్చాక పంచుకుంటా అని చెప్పా. స్టెబిలిటీ టెస్ట్ సంగతి సీనియర్ అక్కని అడిగితే 20న తనది ఎ షిఫ్టే, ఆ షిఫ్ట్‌లోనే చేసేస్తానంది.

3వ తేదీ పొద్దున్న పెట్టిన మెయిల్ ఇది (ఇంగ్లీషులోనే రాశా, ఇక్కడ తెలుగులో చెప్తున్నా):

"సార్, ఫిబ్రవరి 19 సోమవారం నుంచి 24 శనివారం దాకా ఆరు డ్యూటీలకి ఈఎల్ కావాలి. కారణం మా తమ్ముడి పెళ్ళి, 21 రాత్రి టెక్కలిలో. ఇందులో 20, 21, 22 నేను తప్పనిసరిగా ఉండాలి. 19, 23, 24 మీ వీలును బట్టి తగ్గించొచ్చు. 19 నుంచి 23 దాకా నా బి షిఫ్ట్‌కి జనరల్ షిఫ్ట్ నుంచి ఫలానా వస్తానన్నారు. 24కి ఎవరూ దొరకలేదు. 20న తియ్యాల్సిన ఆరు నెలల స్టెబిలిటీ టెస్ట్ ఎ షిఫ్ట్‌లో ఫలానా చేస్తారు, తనకి ఆ మెథడ్ క్వాలిఫికేషన్ ఉంది. ఇద్దరినీ ఈ మెయిల్‌లో కాపీ పెట్టాను. నా దగ్గరున్న రెండు బ్యాచ్‌ల రిపోర్టులు 17 సాయంత్రానికి రివ్యూకి ఇచ్చేస్తా. 26 సోమవారం డ్యూటీకి వస్తా. 6వ తేదీ లోపు చెప్తే టికెట్ తీసుకుంటాను సార్."

అదే రోజు మధ్యాహ్నానికి రిప్లై వచ్చింది. 19 నుంచి 23 అప్రూవ్డ్, 24 లేదు. నాకు ఆశ్చర్యం ఏంటంటే ఆయన కొట్టేసింది సరిగ్గా పేరు లేని రోజునే. 24కి కూడా ఎవరో చేస్తారులే అని రాసుంటే వచ్చేదేమో గానీ, ఆ రోజు సీటు ఖాళీగా ఉండుంటే తర్వాత నేను రాసిన ఏ పేరునీ ఆయన నమ్మేవారు కాదు. 23 రాత్రి నరసన్నపేటలో బస్సెక్కి వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, 24న బి షిఫ్ట్‌కి వెళ్ళా, సారె అరిసెల డబ్బా పట్టుకుని.

ఇప్పుడు అదే షీట్ నా ముందు ఉంటుంది కదా, రిక్వెస్ట్ రాగానే నా కళ్ళు ఎటు వెళ్తాయో నిజాయితీగా చెప్తా. కారణం చూడను ముందు. తేదీలు చూస్తా, ఆ నిలువు గీతల్లో అప్పటికే ఎవరు లేరో చూస్తా, ఆ రోజుల్లో వాయిదా వెయ్యలేని పని ఏముందో చూస్తా, ఆ తర్వాత కారణం. కారణం ఎక్కడ పనికొస్తుందంటే ఇద్దరు ఒకే రోజు అడిగినప్పుడు, ఎవరిది కదలని తేదీ అనేది తేల్చడానికి. పెళ్ళి ముహూర్తం కదలదు, ఊరెళ్ళి పొలం చూసుకోవడం ఒక వారం అటూ ఇటూ కావచ్చు. అందుకే కారణం ఒక్క లైన్ చాలు, కానీ అది స్పష్టంగా ఉండాలి. "పర్సనల్" అని రాయడం మీ హక్కే, వివరాలు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, అలాంటప్పుడు "వివరం చెప్పలేను గానీ ఈ తేదీ మార్చడానికి వీల్లేదు" అని రాయండి, నాకు కావాల్సింది ఆ రెండో ముక్కే.

"టికెట్లు బుక్ అయిపోయాయి మేడం" అని మొదటి లైన్‌లోనే రాస్తారు కొందరు. తప్పు పట్టను, సంక్రాంతికి టికెట్లు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ చదివేవాళ్ళకి అది అడిగినట్టు ఉండదు, చెప్పేసినట్టు ఉంటుంది, నేను కాదంటే డబ్బులు నష్టం నా వల్లే అన్నట్టు. అదే "ఫలానా తేదీ లోపు చెప్తే బుక్ చేసుకుంటా" అంటే నాకూ ఒక గడువు తెలుస్తుంది, మర్చిపోకుండా ముందు అదే చూస్తా. "ఫోన్‌లో అందుబాటులో ఉంటా" అనే మాట కూడా అంత సాయం చెయ్యదు, మా పనిలో ఫోన్‌లో ఉండి మెషీన్‌లోకి శాంపిల్ ఇంజెక్షన్ పెట్టలేరు కదా, కూర్చునే మనిషి పేరు కావాలి. ఆ మనిషితో మాట్లాడకుండా పేరు రాసేస్తే ఇంకా ఘోరం, నేను ఫోన్ చేస్తే "నాకు తెలీదే" అంటారు, ఒకసారి అలా జరిగితే ఆ తర్వాత వాళ్ళ ప్రతి రిక్వెస్ట్‌కీ నేను ఫోన్ చేసి కనుక్కోవాల్సొస్తుంది.

ఇదంతా ముందే తెలిసిన లీవ్‌కి మాత్రమే. జ్వరం వచ్చినా, ఇంట్లో ఎవరైనా పోయినా, యాక్సిడెంట్ అయినా మనిషిని వెతకడం మీ పని కాదు, అది నా పని. ఆ 1948 చట్టంలో కూడా జబ్బు చేసినప్పుడు ఆ 15 రోజుల గడువు వర్తించేది కాదు. ఒక అమ్మాయి 102 జ్వరంతో పడుకుని నలుగురికి ఫోన్లు చేస్తూ కూర్చుంది నా సీటుకి రండి అని, చాలా బాధేసింది. నాకు చాలేది ఇంతే, షిఫ్ట్‌కి రెండు గంటల ముందు పెడితే ఇంకా మంచిది: "మేడం, జ్వరం, ఈ రోజు బి షిఫ్ట్‌కి రాలేను. మెషీన్ మీద నా సీక్వెన్స్ రన్ అవుతోంది, రాత్రి 9కి అయిపోతుంది, కాలమ్ వాష్ చెయ్యాలి. రేపటి సంగతి సాయంత్రం 6 లోపు చెప్తా."