డ్రిల్ పట్టుకుంటే చేతికి రెస్టా?

మొదట రాత్రిపూట తిమ్మిరి వచ్చేది. కుడిచేతి వేళ్లలో చీమలు పాకినట్టుండి మెలకువ వస్తే, చెయ్యి విదిలించి మళ్లీ పడుకునేవాణ్ణి. గ్రైండర్ దించాక కాసేపు చేతులు జుమ్మనడం మా ఫ్యాబ్రికేషన్ షెడ్‌లో అందరికీ మామూలే. ఎవరం పట్టించుకోలేదు.

డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే జీడిమెట్లకి బండి మీద వెళ్తుంటే చూపుడువేలు, మధ్యవేలు కొసలు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. గీత గీసినట్టు ఒకచోట తెలుపు ఆగిపోయింది. గిల్లినా తెలియలేదు. షెడ్‌లో కాసేపు చేతులు రుద్దుకున్నాక ఎర్రబడి ఒకటే మంట. ఇంకోసారి అలా అయితే ఫొటో తీసుకోమంది మా ఆవిడ. అదే పనికొచ్చింది. డాక్టర్ ముందు కూర్చునేసరికి వేళ్లు మామూలుగానే ఉంటాయి కదా!

ఆయన షుగర్ చూశారు, మెడ చూశారు, నరాల పరీక్ష చేయించారు. చివరికి మెషీన్ల వైబ్రేషన్ వల్ల వేళ్లలోని సన్న రక్తనాళాలు, నరాలు దెబ్బతిన్నాయని తేల్చారు. సిగరెట్ మానేయమన్నారు, అది రక్తనాళాల్ని ఇంకా బిగిస్తుందట. మెషీన్ అలాగే పట్టుకుంటూ పోతే ఏ మాత్రా పనిచేయదని గట్టిగానే చెప్పారు.

డాక్టర్ రాసిచ్చిన కాగితం చూశాక మా సేఫ్టీ ఆఫీసర్ లెక్క తీశారు. బ్రిటన్‌లో వాడే పాయింట్ల పద్ధతి అది. మెషీన్ వైబ్రేషన్ అంకెని అదే అంకెతో గుణించి, మళ్లీ రెండుతో, ఆపైన గంటలతో గుణించాలి. గంటలంటే షిఫ్టు కాదు, మెషీన్ నిజంగా తిరిగిన సమయమే. రోజుకి 100 పాయింట్లు దాటితే తగ్గించే ఏర్పాటు చేయాలి, 400 అసలు దాటకూడదు.

మా గ్రైండర్ అంకె 6. నేను పట్టేది 4 గంటలు, అంటే 288. తర్వాత ‘కాస్త చెయ్యి మార్చు’ అని నాకు హ్యామర్ డ్రిల్ ఇచ్చేవారు. దాని అంకె 12. అరగంటకే 144! మొత్తం 432. మేం రెస్టు అనుకున్న ఆ అరగంటే నన్ను హద్దు దాటించింది. వైబ్రేషన్ రెట్టింపైతే పాయింట్లు నాలుగింతలవుతాయని మాలో ఎవరికి తెలుసు?

ఇప్పుడు ఆ 4 గంటల గ్రైండింగ్‌ని ముగ్గురు పంచుకుంటారు. తలా గంటా ఇరవై నిమిషాలు, 96 పాయింట్లు. డ్రిల్ పని వేరే ఇద్దరిది, చెరో పావుగంట, 72. గ్రైండర్ దించినవాడు మార్కింగ్‌కో ఫిటప్‌కో వెళ్లాలి, డ్రిల్ ముట్టుకోకూడదు. ‘ముగ్గుర్ని మారిస్తే పని ఎప్పటికయ్యేను’ అని సూపర్‌వైజర్ మొదట్లో సణిగాడు. అరిగిన డిస్క్‌ని లాగించకుండా మార్చడం మొదలుపెట్టాక పని త్వరగా సాగి ఆ సణుగుడూ తగ్గింది.

నన్ను మాత్రం పూర్తిగా మార్కింగ్‌లోకి మార్చారు. రాత్రి తిమ్మిరి దాదాపు పోయింది. పోయిన చలికాలం చూపుడువేలి కొస ఒక్కటే, అదీ అరుదుగా, తెల్లబడింది. స్పర్శ మాత్రం మొత్తం రాలేదు. ఎమ్6 నట్టు ఎక్కించాలంటే ఇప్పటికీ వేలితో తడిమి కాదు, కంటితో చూసి తిప్పాల్సిందే. నరాలకి తగిలిన దెబ్బ కొంత అలాగే ఉండిపోవచ్చని డాక్టర్ ముందే చెప్పారు.