అంకణాల లెక్క, అద్దె లెక్క

కువైట్‌లో నెల్లూరు జిల్లా వాళ్లం నలుగురం ఒక గదిలో ఉన్నామంటే, శుక్రవారం అన్నం ఉడికేలోగా మాట స్థలాల మీదికి మళ్లుతుంది. ఎవరి ఫోనులో చూసినా ఏదో ఒక వెంచర్ వీడియో ఉంటుంది. స్థలం కొన్నవాడు బాగుపడతాడని, ఫ్లాటు కొన్నవాడు గాల్లో డబ్బు పెట్టినట్టేనని మా వాళ్లందరి నమ్మకం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఈ మధ్య మా గదిలోని ఆత్మకూరు కుర్రాడి వ్యవహారం చూశాక, దేశం బయట ఉన్నవాడికి ఆ లెక్క వేరుగా ఉంటుందని అర్థమైంది.

అతని చేతిలో ముప్పై లక్షల దాకా ఉంది. భార్య నెల్లూరులో ఓ ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరు పిల్లలతో అద్దె ఇంట్లో ఉంటుంది. అమ్మానాన్నలు ఊళ్లోనే. అతని ముందు రెండు బేరాలు ఉన్నాయి. ఒకటి నెల్లూరు పొలిమేరలో 25 అంకణాల ప్లాటు, అంకణం లక్షా ఇరవై వేలు. రెండోది టౌనులో కట్టి సిద్ధంగా ఉన్న రెండు పడకగదుల ఫ్లాటు, 36 లక్షలు.

మొదట నేల లెక్క చూద్దాం. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి వైపు అందులో సగమే, కాబట్టి అటు ధరతో ఇటు ధర పోల్చకూడదు. ఈ లెక్కన ప్లాటు రెండు వందల గజాలు. ఫ్లాటు ఉన్న అపార్టుమెంటు 60 అంకణాల్లో కట్టారు. అంతస్తుకు రెండు చొప్పున ఐదంతస్తులు, పది ఇళ్లు. ఒక్కో ఇంటికి రాసిచ్చే అవిభాజ్య వాటా ఆరు అంకణాలు. ప్లాటు ముప్పై లక్షలకు పాతిక అంకణాలిస్తే, ఫ్లాటు ముప్పై ఆరు లక్షలకు ఆరు అంకణాలిస్తోంది. పాతికేళ్ల తర్వాత గోడలు పాతబడతాయి, నేల పాతబడదు. మా వాళ్ల నమ్మకానికి ఆధారం ఇదే. ఇందులో తప్పేమీ లేదు.

అద్దె లెక్క కూడా ఫ్లాటుకు పెద్దగా కలిసిరాదు. నెలకు తొమ్మిది వేలు వచ్చినా, మెయింటెనెన్సు, ఇంటిపన్ను, ఏడాదిలో ఓ నెల ఖాళీ తీసేస్తే ఎనభై వేలు మిగిలితే గొప్ప. ముప్పై ఆరు లక్షలకు అది రెండు శాతం పైచిలుకు. బ్యాంకులో వేసుకున్నా అంతకంటే ఎక్కువ వస్తుంది.

మరి చిక్కు ఎక్కడ ఉంది? ఆ ప్లాటు బ్రోచరులో రోడ్లు, పార్కు, కొబ్బరి చెట్లు, ముఖద్వారం బొమ్మ అన్నీ ఉన్నాయి కానీ లేఅవుటు అనుమతి నంబరు లేదు. ఏజెంటును అడిగితే “పంచాయతీ అనుమతి ఉందన్నా, ఎల్‌పీ నంబరు తొందరలోనే వస్తుంది” అన్నాడు. నెల్లూరు చుట్టుపక్కల లేఅవుటుకు అనుమతి ఇవ్వాల్సింది నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ, అంటే నుడా. పంచాయతీ తీర్మానం దానికి బదులు కాదు. సర్వే నంబరు తెప్పించుకుని ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటులో అడంగల్ చూస్తే, ఆ భూమి ఇంకా మెట్ట పొలంగానే ఉంది. అంటే వీళ్లు పొలాన్ని గజాల్లో కోసి అమ్ముతున్నారు.

ఊళ్లో ఉన్నవాడు ఇలాంటిది కొంటే చిక్కుల్లో పడతాడు. మనం కొంటే ఇంకో మెట్టు ఎక్కువ చిక్కు. ఎన్నారై అంటే అమెరికాలో కంప్యూటరు ఉద్యోగం చేసేవాళ్లనే మనం అనుకుంటాం. విదేశీ మారకపు చట్టమైన ఫెమా దృష్టిలో ఉద్యోగానికి దేశం దాటి వచ్చిన ఏసీ మెకానిక్కూ, డ్రైవరూ కూడా అంతే. ఎన్నారై ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌసు కొనకూడదు. తాతల నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, డబ్బిచ్చి కొనడానికి మాత్రం వీల్లేదు. ఉల్లంఘిస్తే ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. రిజిస్ట్రారు కార్యాలయంలో ఎవరూ అడగలేదు కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఉన్నారు. అమ్ముకునే రోజున కొనేవాడి వకీలు అడుగుతాడు.

“మా ఆవిడ పేరున రాయిస్తే?” అన్నాడు కుర్రాడు. ఆమె ఇండియాలోనే ఉంటుంది కాబట్టి ఫెమా అడ్డురాదు. కానీ అనుమతి లేని లేఅవుటు ఎవరి పేరున ఉన్నా అనుమతి లేనిదే. బ్యాంకు అప్పు ఇవ్వదు. ఇంటి ప్లానుకు వెళ్తే, లేఅవుటులో వదలాల్సిన ఖాళీ జాగాకు బదులుగా స్థలం విలువలో 14 శాతం కట్టమంటారు. అది కూడా క్రమబద్ధీకరణకు అర్హత ఉన్న స్థలమైతేనే. వాగు పోరంబోకో, అసైన్డ్ భూమో అయి 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు.

అనుమతి ఉన్న లేఅవుటులోనూ ఒక మెలిక ఉంది. రోడ్లు, కాలువలు పూర్తి చేసేదాకా కొన్ని ప్లాట్లను అనుమతి ఇచ్చిన సంస్థకే తనఖా పెట్టించుకుంటారు. ఆ ప్లాట్లు కాస్త చవగ్గా ఇస్తామంటూ దూరాన ఉన్నవాళ్లకే ముందు చూపిస్తుంటారు. రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయిస్తే తనఖా అందులో కనిపిస్తుంది. లేఅవుటు మొత్తానికి కాదు, మనకిచ్చే ప్లాటు నంబరుకు తీయించాలి.

కాగితాలు చెప్పనిది ఇంకొకటి ఉంది. మనం సెలవు పెట్టుకుని వెళ్లేది ఎండాకాలంలో, పిల్లల సెలవుల్లో. అప్పుడు ఏ స్థలం చూసినా గట్టిగా, చదునుగానే కనిపిస్తుంది. నెల్లూరుకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ, రైలు పట్టాలూ కోసుకుపోయాయి. చెరువు కింది మాగాణిని మెరక చేసి వేసిన వెంచర్లలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో నవంబరులో వెళ్లినవాడికే తెలుస్తుంది. మేలో వెళ్లినా ఒక గుర్తు దొరుకుతుంది: విద్యుత్ స్తంభాల మొదట్లో, పక్క ప్రహరీల మీద ఎండిపోయిన బురద గీత. అది మోకాలి ఎత్తున ఉందంటే బేరం చాలించుకోవచ్చు.

ఇక కాపలా సంగతి. ఖాళీ ప్లాటును రెండేళ్లు వదిలేస్తే సర్కారు తుమ్మ కమ్మేస్తుంది, హద్దు రాళ్లు కనిపించవు. పక్కవాడు ప్రహరీ కట్టుకుంటూ రెండడుగులు జరిగితే, సర్వేయరును పిలిపించి కొలిపించడానికి మనిషి కావాలి. తండ్రో బావమరిదో నెలకోసారి వెళ్లి చూసేవాడు ఉంటే, నుడా అనుమతి ఉన్న ప్లాటే కొనమంటాను. ఈ కుర్రాడికి అలాంటివాడు లేడు. తండ్రికి మోకాళ్ల నొప్పులు, బావమరిది బెంగుళూరులో.

అందుకని ఫ్లాటు వైపు మొగ్గాం. అందులో భార్యాపిల్లలే ఉంటారు కాబట్టి ఇప్పుడు కడుతున్న అద్దె మిగులుతుంది. కట్టడం పూర్తయినట్టు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉంది కనుక జీఎస్టీ లేదు. కడుతుండగా కొంటే అది పడేది. రిజిస్ట్రేషను ఖర్చు ఏడున్నర శాతం, అంటే రెండు లక్షల డెబ్బై వేలు. అది ప్లాటుకైనా తప్పదు. చేతిలో ఉన్నదానికి పైన చాలనిది బ్యాంకు అప్పు. మంజూరైన ప్లానులో ఐదంతస్తులే ఉన్నాయా, పైన దొంగతనంగా ఇంకోటి లేపారా అన్నది అతని భార్యే వెళ్లి చూసింది. అవిభాజ్య వాటా ఆరు అంకణాలని దస్తావేజు ముసాయిదాలో స్పష్టంగా రాయించమని చెప్పాను. బోరు ఎండాకాలంలో నిలుస్తుందా, ట్యాంకరు తెప్పిస్తారా అన్నది బిల్డరును కాదు, ఇప్పటికే దిగిన ఇంటివాళ్లను అడగమన్నాను. మే నెలలో వారానికి రెండు ట్యాంకర్లు వస్తాయట. ఆ మాట పట్టుకుని ధరలో కొంత తగ్గించారు.

డబ్బు తన ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచే నేరుగా కట్టాడు. సంతకాలకు వెళ్లలేడు కనుక భార్య పేరున, ఈ ఒక్క కొనుగోలుకే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ రాసి, ఇక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాడు. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించుకోవాలి. కవరు వచ్చిన వారంలోనే ఆమె రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకెళ్లింది.