నీలం లైటు ఫోటోలో పచ్చగా ఉన్నదంతా అల్సర్ కాదు: కార్నియా ఇమేజ్ ప్రశ్నల్లో నా అనుభవం

నీట్ పీజీకి చదువుతున్న ఫ్రెండ్స్ చాలామంది ఆప్తాల్మాలజీ ఇమేజ్ ప్రశ్నల్లో ఫండస్ మీదే టైమ్ పెడతారు, నేనూ అదే చేశాను. ఫ్లోరెసీన్ స్టెయిన్ ఫోటో వస్తే కొమ్మలు కొమ్మలుగా ఉంటే హెర్పిస్, లేకపోతే అల్సర్ లేదా అబ్రేషన్, అంతే కదా అనుకున్నాను. ఒక గ్రాండ్ టెస్టులో ఇచ్చిన ఫోటో ఆ ధీమాని తీసేసింది.

ఫోటోలో కన్నంతా ముదురు నీలంగా ఉంది, కార్నియా మధ్యలో గుండ్రంగా ఆకుపచ్చ రింగు మెరుస్తోంది, రింగు లోపల నల్లగా ఉంది. ఆప్షన్లు నాలుగు: అబ్రేషన్, మానుతున్న అల్సర్, డెస్మెటోసీల్, డెండ్రిటిక్ అల్సర్. మధ్యలో స్టెయిన్ పట్టలేదంటే అక్కడ ఎపిథీలియం వచ్చేసినట్టే కదా అని "మానుతున్న అల్సర్" పెట్టాను. రావాల్సిన 4 మార్కులు పోయాయి, ఇంకొకటి మైనస్ కూడా పడింది. జవాబు డెస్మెటోసీల్.

ఎందుకో తెలుసుకోవాలంటే రంగు ఎక్కడ పడుతుందో ముందు తెలియాలి. ఫ్లోరెసీన్ నీళ్లలో కరిగే రంగు. ఎపిథీలియం కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉన్నంతవరకు అది లోపలికి పోదు, పొర లేచిపోయిన చోట కింద ఉన్న స్ట్రోమాలోకి ఇంకుతుంది. కోబాల్ట్ బ్లూ ఫిల్టర్ వేసినప్పుడు ఆ నీలం కాంతిని తీసుకుని, సుమారు 520 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. అల్సర్ స్ట్రోమా అంతా తినేసి డెస్మెట్ పొర దాకా వెళ్లిపోతే, ఆ పొర రంగు పట్టదు. చుట్టూ గోడల్లో మిగిలిన స్ట్రోమా పచ్చగా, అడుగు నల్లగా, అచ్చం నేను చూసిన రింగులా కనిపిస్తుంది.

మరి మానుతున్నది కాదని ఫోటోలోనే ఎలా చెప్పగలం? ఎపిథీలియం అంచుల నుంచి మధ్యకి పాకుతూ వస్తుంది. అంటే మానుతున్న పుండులో చివరిదాకా పచ్చగా మిగిలేది మధ్య భాగమే. మధ్య ముందే మూసుకుని చుట్టూ రింగు మిగలడం మామూలుగా జరిగే పని కాదు. ఈ ఒక్క లాజిక్ ఆ రోజు తట్టి ఉంటే ఆప్షన్ మారేది. ఇది మార్కుల విషయమే కాదు, ఆ కంటిని ఎలా ముట్టుకోవాలో కూడా ఇదే చెబుతుంది. డెస్మెటోసీల్ అయితే కన్ను నొక్కకూడదు, ప్రెషర్ చూసే పరికరం ఆనించకూడదు, షీల్డ్ పెట్టి వెంటనే కార్నియా వాళ్ల దగ్గరికి పంపాలి. పచ్చటి రంగులోంచి నల్లటి ధార ఒకటి కిందికి జారుతూ కనబడితే అది చిల్లు పడిపోయినట్టు, సైడెల్ పాజిటివ్.

హౌస్ సర్జన్సీలో కంటి క్యాజువాలిటీ పోస్టింగ్ వచ్చినప్పుడు అక్కడి పీజీ అక్క ఈ పరీక్ష ఏ వరసలో చేయాలో నేర్పింది. నేను స్ట్రిప్ తీసి నేరుగా కంట్లో పెట్టబోతుంటే ఆపి, "ఆగు తమ్ముడూ, ముందు తెల్ల లైటులో చూడు. రంగు పడ్డాక ఇన్‌ఫిల్ట్రేట్ రంగు నీకు సరిగా తెలీదు" అంది. తర్వాత దూది పోగుతో కార్నియాకి స్పర్శ ఉందో లేదో చూడాలి, ఎందుకంటే హెర్పిస్‌లో అది తగ్గుతుంది, మత్తు చుక్కలు పడ్డాక ఆ క్లూ పోతుంది. మత్తు చుక్కలతో ఎపిథీలియం మీద సన్నటి చుక్కల స్టెయిన్ వస్తుంది, దాన్ని జబ్బు అనుకోవద్దు. ఆ తర్వాతే స్ట్రిప్‌ని సెలైన్‌తో కొంచెం తడిపి కింది రెప్ప లోపలికి తాకించడం, రెండుసార్లు రెప్ప ఆర్పమనడం. రంగు ఎక్కువైతే వెలగదు, ముదురు నారింజలా ఉంటుంది, అప్పుడు తీసిన ఫోటో పనికిరాదు. సీసాలో ద్రావణం కాకుండా స్ట్రిప్పే ఎందుకని అడిగితే, ఆ ద్రావణంలో సూడోమొనాస్ బాగా పెరుగుతుందని చెప్పింది. ఇదీ ఎంసీక్యూగా అడుగుతారు, గుర్తుంచుకోండి.

అక్కడే చూసిన ఒక కేసు చెప్తాను. వరి కోస్తుంటే ఆకు కంట్లో కొట్టుకుందని ఒక రైతు వారం తర్వాత వచ్చాడు, ఈలోగా ఊళ్లో ఎవరో పసరు కూడా పోశారట. తెల్ల లైటులో బూడిద రంగులో, పొడిగా, అంచులు ఈకల్లా విచ్చుకున్న ఇన్‌ఫిల్ట్రేట్, పక్కనే చిన్న చుక్కలాంటి ఇంకో మచ్చ. నీలం లైటులో మాత్రం మామూలు పచ్చటి ముద్ద, అది చూసి అబ్రేషన్ అన్నా ఎవరూ కాదనలేరు. కొలతలు రాశాం: పచ్చగా ఉన్న డిఫెక్ట్ 4 x 3 మి.మీ., ఇన్‌ఫిల్ట్రేట్ 4.5 x 4 మి.మీ. స్క్రేపింగ్ తీసి కేఓహెచ్‌లో చూస్తే ఫంగస్ తీగలు కనిపించాయి, నాటామైసిన్ 5% మొదలుపెట్టారు.

కొన్ని రోజుల తర్వాత ఫోటో తీస్తే పచ్చటి భాగం 2 x 2కి తగ్గింది. నేను సంతోషంగా "తగ్గుతోంది అక్కా" అన్నాను. తను ఏమీ అనకుండా తెల్ల లైటు వేసి చూడమంది. ఇన్‌ఫిల్ట్రేట్ 5 x 4 దాటింది, కింద కొత్తగా సన్నటి తెల్లటి గీతలా హైపోపియాన్ చేరింది. పైన పొర మూసుకుంటోంది, లోపల ఫంగస్ లోతుకు పోతోంది. పచ్చదనం చెప్పేది పైపొర సంగతి మాత్రమే, కింద స్ట్రోమాలో ఇన్ఫెక్షన్ ఎంత ఉందో అది చెప్పదు. పైగా పొర మూసుకుంటే నాటామైసిన్ సరిగా లోపలికి దిగదు, అందుకే ఆ రోజు మళ్లీ ఎపిథీలియం గీకి తీసి మందు కొనసాగించారు.

అప్పటి నుంచి ఏ ఫోటో వచ్చినా నీలం లైటుదొక్కటే ఇచ్చి "అల్సరా, అబ్రేషనా" అని అడిగితే కేస్ హిస్టరీ వెతుకుతాను, ఎందుకంటే ఆ తేడా తెల్ల లైటులో కనిపించే ఇన్‌ఫిల్ట్రేట్‌లో ఉంటుంది. నీలం లైటు ఫోటోలో నేరుగా చదవగలిగేది ఆకారం. పై భాగంలో నిలువు గీతలుంటే పై రెప్ప కింద నలక ఉందని అర్థం, రెప్ప తిప్పి చూడాలి. కొమ్మల చివర్లు బుడిపెల్లా లావుగా ఉంటే హెర్పిస్ సింప్లెక్స్. జోస్టర్‌లో కొమ్మలు పైకి లేచి అతికించినట్టుంటాయి, చివర బుడిపెలు ఉండవు, ఫ్లోరెసీన్ కూడా సరిగా పట్టదు. కొమ్మలు కలిసిపోయి మ్యాపులా వెడల్పైతే స్టీరాయిడ్ చుక్కలు వేశారా అని అడగండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి చాలాసార్లు అవే ఉంటాయి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే మనిషి అని ప్రశ్నలో ఉంటే మాత్రం కొమ్మలు కనబడగానే హెర్పిస్ అని పెట్టేయకండి, అకాంతమీబా కూడా మొదట్లో అలాగే కనిపిస్తుంది, నొప్పి మాత్రం పుండు సైజుకి మించి ఉంటుంది.