టీవీలో షార్ప్‌నెస్ తగ్గించి చూశాక: నా అనుభవం

మా ఇంట్లోని 43 అంగుళాల 4కె టీవీలో వార్తల ఛానల్ పెడితే, కింద నడిచే స్క్రోలింగ్ అక్షరాల చుట్టూ సన్నని తెల్లటి అంచు కనిపించేది. క్రికెట్ పెడితే మైదానంలోని గడ్డి పోచలు పోచలుగా కాక, పచ్చ తివాచీ పరిచినట్లు ఏకరంగుగా ఉండేది. అదే ఛానల్‌ను ఫోన్‌లో చూసినప్పుడు ఆ తెల్లటి అంచు లేకపోవడంతో, లోపం ప్రసారంలో లేదని, టీవీయే బొమ్మను మారుస్తున్నదని నాకు అర్థమైంది.

షార్ప్‌నెస్ అనే సెట్టింగు బొమ్మలో లేని వివరాన్ని తీసుకురాలేదు. నలుపు, తెలుపు కలిసే చోట నలుపు వైపును మరింత నలుపుగా, తెలుపు వైపును మరింత తెలుపుగా చేసి, అంచు పదునుగా ఉన్నట్లు కంటికి తోపింపజేస్తుంది, అంతే. ఆ మోతాదు పెరిగితే ప్రతి గీత పక్కనా మరో దొంగ గీత పుడుతుంది, అసలు బొమ్మలోని సన్నని వివరం దాని కింద కప్పబడిపోతుంది. షోరూమ్ వెలుతురులో, దూరం నుంచి చూసేవారికి ఇది ఆకర్షణీయంగానే ఉంటుంది కాబట్టి వివిడ్ వంటి మోడ్‌లలో దీన్ని పెంచి ఉంచుతారు.

ఎంత తగ్గించాలో సినిమా చూస్తూ తేల్చడం కష్టం కనుక, కంప్యూటర్‌లో 3840×2160 పిక్సెళ్ల బొమ్మ ఒకటి తయారుచేసుకున్నాను. నేపథ్యం మధ్యస్థ బూడిద రంగు, దాని మీద ఒకటి, రెండు, నాలుగు పిక్సెళ్ల మందంతో నల్లటి గీతలు. నేపథ్యం తెల్లగా ఉండకూడదు, ఎందుకంటే తెలుపు కన్నా తెల్లగా చూపే వీలు తెరకు లేదు గనుక ఆ దొంగ అంచు తెలుపులో కలిసిపోయి మనకు దొరకదు. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ ద్వారా కలిపి, పిక్చర్ మోడ్‌ను సినిమాకు మార్చి, టీవీ బొమ్మ అంచులను కత్తిరించి సాగదీయకుండా ఆస్పెక్ట్ సెట్టింగులో జస్ట్ స్కాన్ ఎంచుకున్నాను. బొమ్మ సాగితే ఒక పిక్సెల్ గీత అప్పటికే మసకబారుతుంది, ఇక ఆ పరీక్షకు అర్థముండదు.

షార్ప్‌నెస్ 50 దగ్గర ప్రతి గీతకూ రెండు వైపులా తెల్లటి చారలు స్పష్టంగా కనిపించాయి. క్రమంగా 0 దాకా తగ్గించినా అవి సన్నబడ్డాయే తప్ప పూర్తిగా పోలేదు. కారణం అడ్వాన్స్‌డ్ మెనూలో దొరికింది: ఎడ్జ్ ఎన్‌హాన్స్‌మెంట్ అనే మరో సెట్టింగు విడిగా ఆన్‌లో ఉండి, షార్ప్‌నెస్‌తో సంబంధం లేకుండా అదే పని చేస్తోంది. దాన్ని ఆఫ్ చేశాక షార్ప్‌నెస్‌ను మళ్లీ పై నుంచి తగ్గిస్తూ వస్తే, 10 దగ్గర చారలు పూర్తిగా మాయమయ్యాయి. అంతకన్నా తగ్గిస్తే ఒక పిక్సెల్ గీత నలుపు పోయి బూడిద రంగుకు తిరగసాగింది. అంటే ఈ టీవీకి 10 తటస్థ స్థానం. అన్ని టీవీలకూ ఇదే అంకె వర్తించదు. చాలా సోనీ బ్రావియా మోడళ్లలో 50 తటస్థ స్థానం కాబట్టి, అక్కడ సున్నా పెడితే బొమ్మ నిజంగానే మసకబారుతుంది.

గడ్డి సంగతి నాయిస్ రిడక్షన్‌కు చెందినది. అది పక్కపక్క పిక్సెళ్లనూ, ముందు వెనుక ఫ్రేములనూ పోల్చి, చిన్న తేడాలన్నిటినీ గరుకుతనంగా భావించి సగటు చేసేస్తుంది. కెమెరా తెచ్చిన గరుకుతనానికీ, గడ్డి పోచలకూ, ముఖంపై చర్మపు రేఖలకూ మధ్య తేడా దానికి ఎప్పుడూ సరిగా తెలియదు. మోతాదు పెంచితే కదిలే బంతి వెనుక నీడలాంటి తోక కూడా కనిపించవచ్చు. హై నుంచి ఆఫ్‌కు మార్చగానే మైదానంలో గడ్డి కోసిన చారలు, పిచ్ మీది పగుళ్లు విడివిడిగా కనిపించాయి. ఈ రెండు సెట్టింగులనూ కలిపి పెంచడం మరీ నష్టం: ఒకటి వివరాన్ని తుడిచేస్తుంది, రెండోది మిగిలిన మచ్చలను ఎత్తి చూపుతుంది.

నిజం చెప్పాలంటే, మార్చిన రోజు మా నాన్నగారికి బొమ్మ కాస్త మెత్తబడినట్లు అనిపించింది. పదునైన అంచులకు అలవాటు పడిన కంటికి అది సహజమే. కొన్నాళ్లకు పాత అంకెలు పెట్టి చూపిస్తే, అక్షరాల చుట్టూ ఆ తెల్లటి అంచును ఆయనే ముందుగా గుర్తించారు.

పాత ఎస్‌డీ ఛానళ్ల విషయంలో మాత్రం నేను పట్టుపట్టలేదు. బాగా కుదించిన ఆ ప్రసారంలో గళ్లు గళ్లుగా కనబడే మచ్చలకు ఎంపెగ్ నాయిస్ రిడక్షన్‌ను తక్కువ స్థాయిలో ఉంచితే ఉపయోగం ఉంటుంది. మా టీవీ ఈ సెట్టింగులను ఒక్కో ఇన్‌పుట్‌కు, హెచ్‌డీఆర్‌కు విడివిడిగా గుర్తుంచుకుంటుంది కాబట్టి, సెట్‌టాప్ బాక్స్ ఉన్న హెచ్‌డీఎంఐలోనూ, టీవీలోని యాప్‌లలోనూ, హెచ్‌డీఆర్ సినిమా నడుస్తున్నప్పుడూ మళ్లీ అవే మార్పులు చేయవలసి వచ్చింది.